చిన్నోడి రెండో సూది: మేం తప్పిన ఆరు వారాల లెక్క

"ఒక సూది వేయించాం కదరా, మళ్ళీ ఇంకోటెందుకు? నువ్వు ఒక్కటేగా వేయించుకుంది!"

అమ్మ అడిగిన ఈ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. పైగా ఆమె మాటే కరెక్టనిపించింది. హైదరాబాద్‌లో మా ఆఫీసువాళ్ళు ఫ్లూ టీకా వేయించినప్పుడు నాకు ఒక్క డోసుతో పనైపోయింది. మూడేళ్ళ పిల్లాడికి రెండెందుకు? డాక్టర్లు బిల్లు కోసం చెప్తారులే అనుకున్నా. అలా అనుకోవడం ఎంత తప్పో జులైలో తెలిసింది.

అక్క రెండో కాన్పుకి భట్టిప్రోలు వచ్చింది. మే 20న పాప పుట్టింది. పెద్దోడు, అంటే మా చిన్నోడు, మూడేళ్ళవాడు. వీధిలో పిల్లలందరితో ఆడి, ముక్కు కారుకుంటూ వచ్చి, నేరుగా చెల్లెలి మొహంలో మొహం పెట్టి ముద్దులాడతాడు. పాపని చూసిన పిల్లల డాక్టరు గారు మొదట అడిగింది వాడి గురించే. "పెద్దబాబుకి ఫ్లూ టీకా వేయించారా?"

"వేయించామండీ, కార్డులో ఉంది" అంది అక్క.

ఆయన కార్డు చూసి నవ్వారు. అక్క చూపించింది పెంటావాలెంట్. పుట్టిన ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే టీకా అది. అందులో ఉండే ఐదింటిలో ఒకటి హిబ్, అంటే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి. పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా అది బాక్టీరియా. ఫ్లూ తెచ్చేది వైరస్. ఆ టీకాకీ ఈ జబ్బుకీ సంబంధం లేదు. మీ ఇంట్లో కార్డు తీసి చూస్తే మీరూ ఇలాగే పొరబడొచ్చు, జాగ్రత్త.

పాపకి వేయలేరు, అందుకే అన్నకి

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండాకే వేస్తారు. ఆలోపు బిడ్డని కాపాడే దారులు రెండే. ఒకటి, తల్లి గర్భంతో ఉన్నప్పుడే టీకా వేయించుకోవడం. అప్పుడు తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డకి చేరతాయి. అక్కకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండోది, బిడ్డ చుట్టూ ఉన్నవాళ్ళంతా వేయించుకోవడం. మా ఇంట్లో పాపకి ఫ్లూ తెచ్చే అవకాశం అందరికంటే ఎక్కువ ఉన్నది చిన్నోడికే.

జూన్ 7, శనివారం. వాడిని రైల్లో తెనాలి తీసుకెళ్ళి మొదటి డోసు వేయించా. చీటీ మీద డాక్టరు గారు "నాలుగు వారాల తర్వాత రెండో డోసు" అని రాశారు. ఆ చీటీ నా పర్సులో పడుకుంది.

ఒక్కటి ఎందుకు చాలదు?

తర్వాత నేను తెలుసుకున్నది ఇది. మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థకి జ్ఞాపకం ఉంటుంది. నాకు ముప్పై ఏళ్ళు. ఈపాటికి ఎన్నోసార్లు ఫ్లూ వైరస్ తగిలి ఉంటుంది. కొన్నిసార్లు జ్వరంతో పడుకునుంటా, కొన్నిసార్లు నాకే తెలియకుండా పోయుంటుంది. కాబట్టి టీకా వేయగానే నా ఒళ్ళు "వీడు తెలిసినవాడే" అని గుర్తుపట్టి గబగబా యాంటీబాడీలు తయారు చేస్తుంది. నాకు ఆ ఒక్క డోసు పాత పాఠాన్ని మళ్ళీ చదివించినట్టు.

చిన్నోడి ఒళ్ళు ఆ పాఠం ఇంకా చదవనేలేదు. మొదటి డోసు పరిచయం చేస్తుంది. వైరస్‌ని గుర్తుపట్టే కణాలు తయారవుతాయి గానీ, యాంటీబాడీలు కాపాడేంత స్థాయికి రాకపోవచ్చు. కనీసం నాలుగు వారాలు ఆగి రెండోది వేస్తే, సిద్ధంగా ఉన్న ఆ కణాలు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. ఒక డోసుని రెండు ముక్కలు చేసి ఇవ్వడం కాదిది. రెండూ పూర్తి డోసులే.

అందుకే మొదటిసారి ఫ్లూ టీకా వేయించుకునే పిల్లల్లో ఆరు నెలల నుంచి ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండు డోసులు. తొమ్మిది నిండితే ఒక్కటే. తొమ్మిదేళ్ళొచ్చేసరికి దాదాపు పిల్లలందరికీ ఫ్లూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుందని ఆ గీత గీశారు.

దీనికి మంచి ఉదాహరణ స్వైన్ ఫ్లూ. 2009 మేలో మన దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. ఆ కొత్త వైరస్‌కి టీకా వచ్చాక అమెరికాలో పెద్దలకి ఒక్క డోసు చాలన్నారు, పదేళ్ళలోపు పిల్లలకి మాత్రం రెండు వేశారు. వైరస్ అందరికీ కొత్తదే. కానీ పెద్దల ఒంట్లో దాని చుట్టాల జ్ఞాపకం ఎంతో కొంత ఉంది, చిన్నపిల్లల్లో అది కూడా లేదు.

మేం ఎక్కడ తప్పాం

జూన్ 7కి 28 రోజులు కలిపితే జులై 5. నాలుగు వారాలు కాబట్టి మళ్ళీ శనివారమే వస్తుంది. లెక్క ఇంత సులువు. కానీ ఆ రోజు చిన్నోడికి ముక్కు కారుతోంది. జ్వరం లేదు, ఆటలు మానలేదు. "జలుబులో సూదేంటి, తగ్గాక వెళ్దాం" అంది అమ్మ. నేను సరేనన్నా. మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదు. గట్టి జ్వరమో, ఆయాసమో ఉంటేనే తగ్గేదాకా ఆగాలి. ఒక్క ఫోన్ చేసుంటే ఆ మాట అప్పుడే తెలిసేది.

ఇంకో కారణం కూడా ఉంది. మిగతా టీకాలైతే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మరీ పిలుస్తుంది. ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు పిల్లలందరికీ ఏటా వేయించమంటుంది. డబ్బులు పెట్టి ప్రైవేటులో వేయించుకోవాలి, తేదీ మనమే గుర్తుపెట్టుకోవాలి. రెండో డోసు మరిచిపోతే అడిగేవాళ్ళుండరు.

జులై 9 రాత్రి చిన్నోడికి 102 జ్వరం, దగ్గు. రెండు రోజులకి పాపకి ముక్కు బిగుసుకుపోయింది. యాభై రోజుల పసిగుడ్డు. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేదు, రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తుంది. రెండో రాత్రి ఒళ్ళు వెచ్చగా అనిపించింది. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరమొస్తే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని తెనాలి వెళ్ళాం. దారంతా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. నా పర్సులో ఆ చీటీ అలాగే ఉంది.

పాప కోలుకుంది. పరీక్ష చేయించలేదు కాబట్టి అది ఫ్లూనో కాదో చెప్పలేను. వానాకాలంలో అలాంటి జ్వరాలు తెచ్చే వైరస్‌లు చాలా ఉంటాయి, ఫ్లూ టీకా ఆపేది ఫ్లూని మాత్రమే.

సమయానికి వేయించినా ఆలస్యమే

"జులై 5నే వేయించుంటే ఇదంతా జరిగేది కాదు కదండీ?" అని డాక్టరు గారిని అడిగా. ఆయన జవాబు నేననుకున్నది కాదు.

"అప్పుడూ చాలేది కాదు. రెండో డోసు తర్వాత పూర్తి రక్షణకి రెండు వారాలు పడుతుంది. జులై 5న వేయిస్తే జులై 19కి సిద్ధం. మీవాడికి జ్వరమొచ్చింది 9న. మీరు మొదలుపెట్టడమే ఆలస్యం."

అప్పుడు నాకు అసలు లెక్క అర్థమైంది. మొదటి డోసు నుంచి రెండోదానికి నాలుగు వారాలు, ఆ తర్వాత రెండు వారాలు. మొత్తం ఆరు వారాలు. పెద్దవాళ్ళకి రెండు వారాలు ముందు మొదలుపెడితే సరిపోతుంది, మొదటిసారి వేయించుకునే పిల్లలకి ఆరు వారాల ముందే మొదలవ్వాలి. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ ఉధృతి జులై నుంచి సెప్టెంబరు వరకు, మళ్ళీ జనవరి నుంచి మార్చి దాకా కొంత. జులై 1కి చిన్నోడు సిద్ధంగా ఉండాలంటే మొదటి డోసు మే 20కే పడాలి. అంటే సరిగ్గా పాప పుట్టిన రోజు. అందరం ఆసుపత్రిలోనే ఉన్నాం ఆ రోజు!

ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచా?

కాదు. ఈ మాట విన్నాకే నా మనసు తేలికపడింది. నాలుగు వారాలనేది కనీస గడువు. అంతకంటే బాగా ముందు, ఉదాహరణకి మూడు వారాలకే వేయిస్తే ఆ డోసు లెక్కలోకి రాదు. ఆలస్యమైతే మాత్రం మొదటి డోసు వృథా కాదు, వీలైనంత త్వరగా రెండోది వేయించడమే. మొదటిసారి వాడిన కంపెనీ టీకా దొరక్కపోతే అదే వయసుకి పనికొచ్చే వేరే కంపెనీదైనా ఫర్వాలేదు.

చిన్నోడికి జ్వరం పూర్తిగా తగ్గాక జులై 19న రెండోది వేయించాం. 42వ రోజు. ఆ రాత్రి చెయ్యి కొంచెం నొప్పన్నాడు, పొద్దున్నకి గోడలెక్కాడు. వచ్చే ఏడాది నుంచి వాడికి ఏటా ఒక్కటే. వైరస్ మారుతుంటుంది కాబట్టి టీకాలో రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు సమీక్షిస్తుంది. అందుకే ఏటా వేయించాలి గానీ, మళ్ళీ జంట డోసులు అక్కర్లేదు.

ఈ ఏడాది రెండోది ఎగ్గొట్టి ఉంటే? అమెరికా సీడీసీ నియమం ప్రకారం, అంతకుముందు మొత్తం మీద రెండు డోసులు పడని ఎనిమిదేళ్ళలోపు పిల్లాడికి తర్వాతి సీజన్‌లో మళ్ళీ రెండు కావాలి. అంటే ఎగ్గొట్టినా ఖర్చూ తగ్గేది కాదు, చిన్నోడికి సూదులూ తగ్గేవి కావు.

ఇక పాప సంగతి. నవంబరు 20కి ఆరు నెలలు నిండుతాయి. ఆ రోజే మొదటి డోసు వేయిస్తే రెండోది డిసెంబరు 18. మరో రెండు వారాలకి జనవరి 1, అంటే చలికాలపు ఫ్లూ ముదిరేలోపు సిద్ధం. ఈసారి చీటీ పర్సులో పెట్టలేదు. రెండు తేదీలూ నా ఫోన్‌లో, అక్క ఫోన్‌లో, బావ ఫోన్‌లో అలారం పెట్టేశా.

అమ్మకి ఫోన్ లేదు. వంటింట్లో క్యాలెండర్ మీద ఆ తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టుకుంది. "జలుబున్నా సరే, తీసుకెళ్తా" అంటోంది ఇప్పుడు.