జిమ్ షూస్: రన్నింగ్ షూస్‌తోనే స్క్వాట్స్ కొడుతున్నారా? మడమ దగ్గర ఏం జరుగుతోందో ఓసారి చూడండి!

జిమ్‌లో చేరగానే చాలామంది కొనేది మెత్తటి రన్నింగ్ షూసే. ట్రెడ్‌మిల్ మీద వాటికి తిరుగులేదు. చిక్కంతా బార్‌బెల్ భుజాల మీదకు ఎత్తుకున్నప్పుడే మొదలవుతుంది.

రన్నింగ్ షూ అడుగున ఉండే ఫోమ్ పని నొక్కుకుపోవడం. పరుగులో పాదం నేలకు తగిలే దెబ్బను అది తీసుకుంటుంది. స్క్వాట్‌లో సరిగ్గా అదే గుణం అడ్డం తిరుగుతుంది. 80 కిలోల మనిషి 60 కిలోల బార్ ఎత్తాడనుకుందాం. మొత్తం 140 కిలోలు, అంటే ఒక్కో పాదం మీద దాదాపు 70. కిందికి దిగి లేచేటప్పుడు ఆ బరువంతా ఫోమ్ మీదే. అది అన్ని వైపులా సమానంగా నొక్కుకోదు. లోపలి అంచు ఎక్కువ దిగితే మడమ లోపలికి వాలుతుంది, దాంతో మోకాలు కూడా లోపలికి లాగేస్తుంది. పరుపు మీద నిలబడి బరువు ఎత్తినట్టే!

మీ షూ సంగతి తెలుసుకోవడం తేలికే. ఫోన్‌ను వెనకాల, నేలకు దగ్గరగా పెట్టి ఒక సెట్ వీడియో తీయండి. లేచేటప్పుడు షూ వెనుక భాగం పక్కకు ఒరుగుతుంటే ఆ అడుగు బరువులకు పనికిరాదు.

మరి వెయిట్‌లిఫ్టింగ్ షూస్? వీటి అడుగు గట్టి ప్లాస్టిక్ లేదా చెక్క, నొక్కినా దిగదు. మడమ సుమారు 2 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, పైన బిగించే పట్టీ ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరికి కాంస్యం తెచ్చిన స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ లాంటి లిఫ్ట్‌ల కోసమే ఈ షూస్ పుట్టాయి. ఎత్తు మడమ వల్ల చీలమండ బిగుసుగా ఉన్నవాళ్లు కూడా నడుము మరీ వంచకుండా లోతుగా కూర్చోగలరు.

అయితే అందరికీ ఇవి అక్కర్లేదు. కొనే ముందు మడమల కింద రెండు చిన్న ప్లేట్లు పెట్టుకుని, ఖాళీ బార్‌తో స్క్వాట్ చేసి చూడండి. ఒక్కసారిగా లోతు పెరిగిందంటే డబ్బు పెట్టొచ్చు. తేడా లేదంటే పలుచని, గట్టి అడుగున్న మామూలు కాన్వాస్ షూస్ చాలు. డెడ్‌లిఫ్ట్‌కైతే ఈ ఫ్లాట్ షూసే బెటర్. మడమ ఎత్తుగా ఉంటే బార్ ఆ మేర ఎక్కువ దూరం లేపాలి, బరువు కూడా కాలివేళ్ల మీదకు జారుతుంది.

లిఫ్టింగ్ షూస్ వేసుకుని బస్టాప్ దాకా నడిచేద్దాం అనుకుంటే కష్టమే. అడుగు వంగదు కాబట్టి పాదం సహజంగా కదలదు. రోడ్డు రాళ్లకు సోల్ అరిగి, జిమ్ ఫ్లోర్ మీద పట్టు తగ్గుతుంది. వీటితో ట్రెడ్‌మిల్, బర్పీలు కూడా వద్దు. అందుకే లిఫ్టర్లు వాటిని బ్యాగ్‌లో తెచ్చుకుని, స్క్వాట్ సెట్ల ముందు మార్చుకుంటారు. మెషీన్ల మీద, తేలికపాటి డంబెల్స్‌తో చేసేవాళ్లకు ఈ తంటా లేదు, రన్నింగ్ షూస్‌తో కానిచ్చేయొచ్చు.