దారిలో ఉన్న సరుకు ఎవరి లెక్కలో?

గుడివాడ బ్రాంచిలో కంప్యూటర్ లీటరు నూనె ప్యాకెట్లు మైనస్ 42 అంటోంది. ర్యాకులో చూస్తే 73 ప్యాకెట్లు కళ్లెదుటే ఉన్నాయి. విజయవాడలో గోడౌన్, గుడివాడలోనూ మచిలీపట్నంలోనూ కొట్లు ఉన్న ఒక చిన్న కిరాణా సంస్థ లెక్కలు నెలాఖరున చూస్తుంటే ఇది నా కంటబడింది. కౌంటర్లో కుర్రాడు “సిస్టం తప్పు చూపిస్తోందండీ” అన్నాడు. సిస్టం తప్పేమీ లేదు. తనకు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది, అంతే.

గోడౌన్‌లో 400 ప్యాకెట్లు ఉండగా, గుడివాడలో నూనె నిండుకుందని ఫోనొచ్చింది. పెట్టెకు పది చొప్పున 12 పెట్టెలు, అంటే 120 ప్యాకెట్లు బండెక్కించారు. చలానా మూడు ప్రతులు రాశారు: ఒకటి సరుకు అందుకునేవారికి, ఒకటి బండితో వెళ్లడానికి, ఒకటి పంపినవారి దగ్గర ఉండడానికి. ఒకే రాష్ట్రంలో ఒకే జీఎస్టీ నంబరు కింద ఉన్న బ్రాంచీల మధ్య వెళ్లే సరుకు అమ్మకం కాదు, పన్ను బిల్లు అక్కర్లేదు, చలానా చాలు. మొత్తం విలువ 50,000 రూపాయలు దాటితే మాత్రం ఈ-వే బిల్లు తీయాలి. అదే సరుకు హైదరాబాద్ బ్రాంచికి వెళ్తే కథ వేరు. రాష్ట్రం మారితే జీఎస్టీ నంబరు మారుతుంది. యజమాని ఒకడే అయినా పన్ను వేసి బిల్లు ఇవ్వాల్సిందే.

బండి కదిలాక ఆ 120 ప్యాకెట్లు ఎవరి ఖాతాలో ఉండాలి? గోడౌన్ ఖాతాలో ఉంచితే అక్కడ లేని సరుకు ఉన్నట్టు కనిపిస్తుంది. వెంటనే గుడివాడకు ఎక్కిస్తే, బండి ఇంకా పామర్రు దగ్గరుండగానే అక్కడ నూనె ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ‘ట్రాన్సిట్’ అని మూడో గోడౌన్ పెడతారు. దానికి గోడలుండవు, తాళముండదు, పుస్తకంలో మాత్రమే ఉంటుంది. పంపేవాడు తన గోడౌన్ నుంచి ట్రాన్సిట్‌లోకి రాస్తాడు. అందుకున్నవాడు లెక్కపెట్టుకుని ట్రాన్సిట్ నుంచి తన కొట్లోకి రాసుకుంటాడు. ఈ రెండో రాత అందుకున్నవాడే రాయాలి. పంపినవాడే రెండూ రాసేస్తే ట్రాన్సిట్ పెట్టి ప్రయోజనం లేదు.

గుడివాడలో జరగనిది ఆ రెండో రాతే. సరుకు దిగింది, పండగ రద్దీ, చలానా సొరుగులోకి వెళ్లింది, అమ్మకం మొదలైంది. ఖాతాలో సున్నా ఉండగా 42 అమ్మితే మైనస్ 42 కాక ఏమవుతుంది? ఒక బ్రాంచిలో ఏదైనా సరుకు మైనస్‌లో కనిపిస్తే నేను ముందు చూసేది ట్రాన్సిట్ జాబితానే. అదే సరుకు అక్కడ పాతబడి కూర్చుని ఉంటే జవాబు దాదాపు దొరికినట్టే. గంటన్నర దారికి ఈ చలానా తొమ్మిది రోజులుగా ‘దారిలో’ ఉంది!

అయినా లెక్క పూర్తిగా కుదరలేదు. ర్యాకులో 73, అమ్మింది 42, కలిపితే 115. పంపింది 120. ఆ అయిదూ ఏమయ్యాయి? సొరుగులోంచి చలానా తీస్తే, వెనకవైపు పెన్సిల్‌తో ‘5 పగిలినవి’ అని ఉంది. డ్రైవరు సంతకం కూడా ఉంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చలానా తెరిచి 120ని 115గా దిద్దేస్తారు. అప్పుడు గోడౌన్ ఖాతాలో 280 ఉండాల్సినచోట 285 కనిపిస్తుంది. అక్కడ లెక్కపెట్టినవాడికి అయిదు తక్కువొస్తాయి, ఏ పాపమూ ఎరగని గోడౌన్ మనిషి దొంగవుతాడు. పంపిన సంఖ్య ముట్టుకోకూడదు. గుడివాడ 115 అందినట్టు రాసుకుంది. మైనస్ 42 పోయి ఖాతాలో 73 తేలింది, ర్యాకుతో సరిపోయింది. ట్రాన్సిట్‌లో మిగిలిన అయిదింటినీ పగిలిన సరుకు కింద, కారణం రాసి, యజమాని సంతకంతో విడిగా కొట్టేశాం. వాటి కొనుగోలు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వెనక్కి కట్టాలి. ఈ ముక్క చాలా కొట్లలో మరిచిపోతారు.

తేడాలన్నీ పగలడం వల్లే రావు. సన్‌ఫ్లవర్ నూనె పది తక్కువై, పామాయిల్ సరిగ్గా పది ఎక్కువైతే, గోడౌన్‌లో ఒక పెట్టె మారిందన్నమాట. 12 పంపామని గోడౌన్, 120 వచ్చాయని బ్రాంచి అంటుంటే ఒకరు పెట్టెలు, మరొకరు ప్యాకెట్లు రాశారు. ఏ లెక్కకూ అందకుండా, ఒకే దారిలో, ప్రతిసారీ రెండో మూడో తగ్గుతుంటే మాత్రం కాగితాలు పక్కన పెట్టి బండి దగ్గరకు వెళ్లాలి.

ఇప్పుడు ఆ కొట్లో సరుకు దింపుకునేవాడికి సంఖ్యలు లేని చలానా ఇస్తున్నారు. ముందు తను లెక్కపెట్టి రాయాలి, తర్వాతే అసలు ప్రతితో పోల్చాలి. మొదటి వారం కుర్రాడు గొణిగాడు. రెండో వారం సబ్బుల్లో ఒక పెట్టె తక్కువని, బండి ఇంకా గుమ్మం ముందుండగానే విజయవాడకు ఫోన్ చేశాడు.