లాభం ఉన్నా గల్లాలో డబ్బు ఎందుకు ఉండదు? - వారం వారం నగదు లెక్క

మన పగిడ్యాల, నందికొట్కూరు ప్రాంతంలో చిన్న షాపులు నడిపేవారు లెక్కల పుస్తకం పట్టుకొని వచ్చినప్పుడు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "పని బాగానే ఉంది, ప్రతి పనిలోనూ మిగులుతోంది. మరి శనివారం కూలి ఇవ్వడానికి అప్పు ఎందుకు చేయాల్సి వస్తోంది?" చాలామంది దీనికి ఇంటి ఖర్చునో, పనివాళ్లనో కారణంగా చూపుతారు. చాలాసార్లు అసలు కారణం వేరు. లాభం పుట్టే రోజు, డబ్బు చేతికి వచ్చే రోజు ఒకటి కావు. ఆ రెండు రోజుల మధ్య దూరమే గల్లాను ఖాళీ చేస్తుంది.

ఒక వెల్డింగ్ షాపును ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే, కానీ పని నడిచే తీరు మనకందరికీ తెలిసినదే. ఒక కొత్త ఇంటికి గేటు, కిటికీ గ్రిల్సు, మెట్ల రెయిలింగు కలిపి 60,000 రూపాయలకు మాట్లాడుకున్నారు. ఇనుముకు 33,000, కూలి, వెల్డింగ్ రాడ్లు, రవాణా కలిపి 12,000 అవుతుంది. మొత్తం ఖర్చు 45,000, మిగులు 15,000. లెక్క చక్కగా ఉంది.

ఇప్పుడు డబ్బు ఎప్పుడెప్పుడు కదులుతుందో చూద్దాం. ఇల్లు కట్టించే రైతు మొదట 15,000 అడ్వాన్సు ఇస్తాడు. మిగతా 45,000 పంట అమ్మిన తర్వాతనో, ఇంటి బిల్లు పడిన తర్వాతనో ఇస్తానంటాడు. అది దాదాపు ఆరు వారాల తర్వాత వస్తుందనుకుందాం. కానీ ఇనుము షాపులో డబ్బు వెంటనే కట్టాలి, కూలి వారం తిరిగేసరికి ఇవ్వాలి. అంటే మొదటి వారంలోనే 45,000 బయటికి పోతుంది, 15,000 లోపలికి వస్తుంది. ఈ ఒక్క పనిలో షాపు యజమాని సొంత డబ్బు 30,000 ఆరు వారాలు ఇరుక్కుపోతుంది.

రెండు వారాలకు ఒక పని వస్తే, ఒకేసారి మూడు పనుల డబ్బు బయట ఉంటుంది. అంటే 90,000. పేరు వచ్చి వారానికి ఒక పని రావడం మొదలైతే ఆరు పనుల డబ్బు, అంటే 1,80,000 బయట ఉంటుంది. లాభం రెట్టింపు అయ్యింది, ఇరుక్కున్న డబ్బు కూడా రెట్టింపు అయ్యింది. పని లేనప్పుడు కంటే పని పెరిగినప్పుడే చాలా షాపులు ఇబ్బందిలో పడడానికి కారణం ఇదే.

దీన్ని ముందుగా పసిగట్టడానికి నెల చివరి లాభనష్టాల లెక్క పనికిరాదు. నెల మొత్తం మీద సరిపోయినా, మధ్యలో ఒక వారం గల్లా ఖాళీ కావచ్చు. కూలి వారం వారం ఇస్తాం కాబట్టి లెక్క కూడా వారం వారం వేయాలి. దానికి ఒక నోటుపుస్తకం చాలు. చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న డబ్బుతో మొదలుపెట్టి, ప్రతి వారం వచ్చేది కలిపి, పోయేది తీసేసి, మిగిలినదాన్ని తర్వాతి వారం మొదట్లో వేసుకోవాలి.

మన వెల్డింగ్ షాపులో ఇవాళ 80,000 ఉంది. వారానికి ఒక పని మొదలవుతుంది. పనికి 45,000, ఇంటి ఖర్చుకు 5,000 ప్రతి వారం పోతాయి. మొదటి వారం, ఐదో వారం షాపు బాడుగ, కరెంటు బిల్లు కలిపి ఇంకో 6,000 ఉంది. ప్రతి వారం కొత్త పని అడ్వాన్సు 15,000 వస్తుంది. పాత బాకీలు రెండో వారం 45,000, నాలుగో వారం 20,000, ఆరో వారం 45,000 వస్తాయి.

| వారం | మొదట ఉన్నది | వచ్చేది | పోయేది | మిగిలేది |
|---|---|---|---|---|
| 1 | 80,000 | 15,000 | 56,000 | 39,000 |
| 2 | 39,000 | 60,000 | 50,000 | 49,000 |
| 3 | 49,000 | 15,000 | 50,000 | 14,000 |
| 4 | 14,000 | 35,000 | 50,000 | -1,000 |
| 5 | -1,000 | 15,000 | 56,000 | -42,000 |
| 6 | -42,000 | 60,000 | 50,000 | -32,000 |

ఈ ఆరు వారాల్లో ఆరు పనుల మీద 90,000 మిగులు ఉంది. బాడుగ, కరెంటు పోను 78,000 లాభమే. అయినా ఐదో వారంలో 42,000 తక్కువ పడుతుంది. రెండో వారం చివర చేతిలో 49,000 చూసి మోటారు సైకిలు కొనేస్తే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. ఈ పట్టిక వేసుకున్నవాడికి మాత్రం ఆ సంగతి మొదటి వారంలోనే తెలుస్తుంది.

తెలిశాక ఏం చేయాలి? అన్నిటికంటే ముందు అడ్వాన్సు మార్చాలి. "ఇనుము డబ్బు మీది, కూలి, లాభం పని అయ్యాక" అనే మాటతో రెండో వారం నుంచి 33,000 అడ్వాన్సు అడిగితే, ఒక్కో పనికి 18,000 ముందుగా వస్తుంది. అందరూ ఒప్పుకోరు. రెండు, నాలుగు, ఆరు వారాల పార్టీలు మాత్రమే ఒప్పుకున్నారనుకున్నా, ఐదో వారం లోటు 42,000 నుంచి 6,000కు దిగుతుంది. ఆ కాస్త లోటుకు ఇనుము షాపులో ఒక వారం గడువు అడిగితే సరిపోతుంది. అయితే ఈ పార్టీల దగ్గర తర్వాత రావాల్సింది 45,000 కాదు, 27,000 మాత్రమేనని పట్టికలో దిద్దుకోవాలి. లాభం పెరగలేదు, డబ్బు ముందుకు జరిగింది, అంతే.

అడ్వాన్సు కుదరకపోతే నాలుగో వారం పనిని రెండు వారాలు వెనక్కి జరపవచ్చు. అప్పు తప్పకపోతే, ఎంత కావాలో, ఏ వారం తీర్చగలమో చెప్పి తెలిసినవారి దగ్గర కర్జె హసనా అడగవచ్చు. తేదీ చెప్పి అడిగేవాడికి ఇచ్చేవారు దొరుకుతారు. ఐదో వారం వచ్చాక తొందరలో డైలీ ఫైనాన్సుకు పోతే, రోజూ కట్టే కిస్తీ కూడా "పోయేది" వరసలో చేరి, తర్వాతి వారాలను కూడా లోటులోకి లాగుతుంది.

ఈ లెక్క ఎక్కువగా తప్పేది "వచ్చేది" అనే వరసలోనే. పార్టీ చెప్పిన తేదీ రాయకూడదు, ఆ పార్టీ ఇంతకుముందు ఎన్ని రోజులు ఆలస్యంగా ఇచ్చిందో చూసి ఆ తేదీ రాయాలి. పంట మీద ఆధారపడిన బాకీకి కోత తేదీ కాదు, సరుకు అమ్మి డబ్బు చేతికొచ్చే తేదీ ముఖ్యం. కచ్చితంగా తెలియని బాకీని పట్టికలో కలపకుండా కింద విడిగా రాసుకోవాలి.

పండుగల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రంజాన్ నెలలో పని గంటలు తగ్గుతాయి, ఈద్‌కు ముందు పనివాళ్లు అడ్వాన్సులు అడుగుతారు, ఇంటి ఖర్చు పెరుగుతుంది. ఈద్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వస్తుంది కాబట్టి, పోయిన ఏడాది అదే నెల లెక్క చూసుకుంటే పొరపాటు పడతాం. ఈద్ వచ్చే వారాన్ని గుర్తించి, దాని చుట్టూ ఖర్చు వేసుకోవాలి.

ప్రతి వారం చివర అయిపోయిన వారాన్ని కొట్టేసి, రాసిందానికీ జరిగిందానికీ తేడా చూసి, కింద కొత్త వారం చేర్చాలి. ఎప్పుడూ ఆరు వారాలు ముందు కనిపించాలి. నాలుగైదు నెలలు ఇలా చూశాక కూడా, బాకీలన్నీ వసూలైనా, పనులు పెరగకపోయినా మిగిలేది తగ్గుతూనే ఉంటే, అప్పుడు సమస్య డబ్బు వచ్చే తేదీలో లేదు. ధర తక్కువ పెడుతున్నాం, లేదా ఇంటికి షాపు మోయగలిగిన దానికంటే ఎక్కువ తీస్తున్నాం. ఏ అడ్వాన్సూ, ఏ అప్పూ దాన్ని సరిచేయలేదు.