రిపేరు షాపు మెట్లెక్కే ముందు

"ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కట్లేదండీ" అంటే షాపతనికి తెలిసేది తక్కువే. లోపం ఛార్జర్‌లో ఉండొచ్చు, పిన్ను గుచ్చే జాక్‌లో ఉండొచ్చు, బ్యాటరీలోనో మదర్‌బోర్డులోనో ఉండొచ్చు. ఖర్చు వందల్లో తేలడమూ వేలల్లోకి పోవడమూ దీన్నిబట్టే.

ఇంట్లోనే కొంత కనిపెట్టవచ్చు. ఛార్జర్ మీద చిన్న లైటు ఉంటే దాన్ని గమనించండి. ల్యాప్‌టాప్‌కు గుచ్చగానే అది ఆరిపోతుంటే లోపల షార్ట్ అయిందేమోనని అనుమానించాలి. లైటు వెలుగుతూనే ఉండి, పిన్నును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతుంటే జాక్ వదులైందో, పిన్ను దగ్గర వైరు తెగిందో అయ్యుంటుంది. అదే రకం ఛార్జర్ ఎవరి దగ్గరైనా దొరికితే ఈ రెండింటిలో ఏదో తేలిపోతుంది. పిన్ను కదిలిస్తూ ఫోన్లో చిన్న వీడియో తీసుకోండి. షాపులో బల్ల మీద పెట్టగానే బుద్ధిగా పనిచేసే మొండి లోపాలు ఉంటాయి మరి.

బ్యాటరీలో ప్రాణం ఉండగానే ముఖ్యమైన ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించండి. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు అక్కడే తెరిచి చూడండి. చాలామంది మరిచిపోయేది బిట్‌లాకర్ రికవరీ కీ. విండోస్ డిస్క్‌ను తాళం వేసి ఉంచితే, మదర్‌బోర్డు మార్చాక ఆన్ చేయగానే 48 అంకెల ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా ఫైళ్లు చేతికి రావు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇలా కొడితే కీ కనిపిస్తుంది:

```
manage-bde -protectors -get C:
```

దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. జాక్ రిపేరుకు పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. ఛార్జింగ్ ఎక్కుతోందో లేదో బయోస్ తెర దగ్గరే చూడవచ్చు.

మౌస్ డాంగిల్, మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్, బ్యాగు ఇంట్లోనే ఉంచండి. ఛార్జర్ మాత్రం ఈ కేసులో తీసుకెళ్లాల్సిందే. అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను ఫొటో తీసుకుని, రసీదులో రాయించండి.

ఇక రేటు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట పక్కపక్కనే షాపులుంటాయి, రెండు మూడు చోట్ల అడగడం కష్టం కాదు. ఒకరు "బోర్డు పోయింది, పన్నెండు వేలు" అన్నారనుకుందాం, మరొకరు "జాక్ మారిస్తే చాలు, పదిహేను వందలు" అన్నారనుకుందాం. అంకెల కంటే ముందు, బోర్డు పోయిందని ఎలా తేల్చారో అడగాలి. మీటరు పెట్టి చూశారా, విప్పకుండానే చెప్పారా? చాలా మోడళ్లలో జాక్ విడిగా చిన్న కేబుల్‌తో వస్తుంది, ఊడదీసి కొత్తది బిగిస్తారు. కొన్నింట్లో బోర్డుకే టంకం వేసి ఉంటుంది, కూలి పెరుగుతుంది. రిపేరు వద్దనుకుంటే చెకింగ్ ఛార్జీ ఎంత, వేసేది కంపెనీ పార్టా కాదా, గ్యారంటీ ఎన్ని నెలలు అన్నవి కూడా కలిపితేనే రెండు రేట్లను పోల్చినట్టు. పాత జాక్ తిరిగివ్వమని ముందే చెప్పండి. పనయ్యాక అడిగితే పారేశామంటారు.