బస్సులో చెప్పిన వాయిస్ నోట్‌ను స్కూలుకు పనికొచ్చే ఈమెయిల్‌గా మార్చడం



గత నెలలో ఒక మంగళవారం సాయంత్రం, ఆరో తరగతి బాబు వాళ్ళ అమ్మగారు క్లాస్ టీచర్‌కు మూడు నిమిషాల వాయిస్ నోట్ పంపారు. గాజువాకలో ఉద్యోగం ముగించుకుని కాంప్లెక్స్‌కు వచ్చే ఆర్టీసీ బస్సులో నిలబడి మాట్లాడారు. టీచర్ దాన్ని ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్‌కు ఫార్వర్డ్ చేశారు. ఆయన మొదటి నిమిషం విని, ‘బుధవారం, ఎంవీపీ కాలనీ’ అని రాసుకున్నారు.

బుధవారం బాబును ద్వారకా నగర్ బస్సుకు బదులు ఎంవీపీ కాలనీ బస్సు ఎక్కించాం. రైతు బజార్ స్టాపులో ఎవరూ లేరు. ఇటు డైమండ్ పార్క్ దగ్గర నాయనమ్మగారు రోజూలాగే ఎదురుచూస్తూ నిలబడ్డారు. బస్సు ఆయా బాబును దించకుండా వెనక్కి తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. తప్పు మాదే, చివరిదాకా వినకుండా నిర్ణయం తీసుకున్నాం. అయితే ఆ నోట్‌ను తర్వాత ఆ అమ్మగారితో కలిసి కూర్చుని విన్నప్పుడు, మాట ఎక్కడ జారిపోతుందో ఇద్దరికీ తెలిసింది. ఆవిడ అనుమతితో, పేర్లు తీసేసి, ఆ నోట్‌నే ఇక్కడ ఉదాహరణగా ఇస్తున్నాం.

వాయిస్ నోట్‌లో ఉన్నది ఇది:

“నమస్తే మేడమ్, సిక్స్త్ బి బాబు వాళ్ళ అమ్మని. బస్సులో ఉన్నాను, సౌండ్ వస్తుందేమో. ఏం లేదు మేడమ్, మా అత్తగారికి కంటి ఆపరేషన్, శుక్లాలకి, మొన్నే డేట్ ఇచ్చారు. రోజూ ఆవిడే కదా డైమండ్ పార్క్ దగ్గరకొచ్చి తీసుకెళ్తారు. బుధవారం మా చెల్లి వాళ్ళింటికి, ఎంవీపీ కాలనీ, రైతు బజార్ దగ్గరకి పంపిస్తే తీసుకెళ్తుంది. ఆఁ, ఇంకోటి, గ్రౌండ్‌లో దుమ్ము ఎక్కువంట, పీఈటీ సార్ రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించారంట, రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. ఇన్‌హేలర్ బ్యాగులో ముందు జిప్పులో పెట్టాను. మాథ్స్ మేడమ్‌కి థ్యాంక్స్ చెప్పండి, భిన్నాలు ఇప్పుడు బాగా అర్థమవుతున్నాయంట. ఫీజు కట్టాం కానీ రసీదు రాలేదు. అయ్యో, ఇందాక బుధవారం అన్నానా, కాదు కాదు, గురువారం, శుక్రవారం మేడమ్, రెండు రోజులు. బుధవారం మామూలే. కాబట్టి ఆ రెండు రోజులూ డైమండ్ పార్క్ దగ్గర దించొద్దు, ఇంట్లో ఎవరూ ఉండరు. ఉంటాను మేడమ్, స్టాప్ వచ్చేసింది.”

ఇందులో అవసరమైన మాటలు చాలావరకు ఉన్నాయి. వరుసే లేదు. మాట్లాడేటప్పుడు మనకు గుర్తొచ్చిన వరుసలో చెబుతాం. చదివేవాళ్ళకు పని చేసే వరుసలో కావాలి. ఈ తేడాను సరిచేయడమే అసలు పని.

ముందు మాటల్ని కాగితం మీదకు తెచ్చుకోవడం

ప్రయాణంలో నోట్ చెప్పుకోవడం మంచిదే. మర్చిపోకుండా ఉంటాం. కానీ దాన్ని నేరుగా స్కూలుకు పంపకుండా, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. లేదా ఫోన్ రికార్డర్‌లో ఉంచుకోండి. ఇంటికి వచ్చాక వింటూ ముఖ్యమైన మాటలు రాసుకోవచ్చు. ఫోన్ కీబోర్డులో తెలుగు ఎంచుకుని మైక్ గుర్తు నొక్కితే మాటలు నేరుగా అక్షరాలవుతాయి కూడా. అయితే కాసేపు ఆగితే మైక్ ఆగిపోతుంది, ఫుల్‌స్టాప్‌లు సరిగా పడవు, తెలుగు మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు, ఇంటిపేర్లు, నంబర్లు తారుమారవుతాయి. అందుకే ఆడియో కూడా దగ్గర ఉంచుకోవడం మేలు. బండి నడుపుతూ మాత్రం వద్దు. నిండు బస్సులో పిల్లల పేరు, సెక్షన్, దిగే స్టాపు గట్టిగా చెప్పవద్దు. ‘బాబు’, ‘మామూలు స్టాపు’ అంటే మీకు అర్థమవుతుంది, పక్కవాళ్ళకు అవసరం లేదు.

తెలుగులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అవునా కాదా అన్నది మాట చివర్లో తేలుతుంది. ‘దించండి’, ‘దించొద్దు’ అన్న రెండిటికీ మొదలు ఒకటే. ఆ చివరి అక్షరాల మీద హారన్ పడిందంటే అర్థం తలకిందులవుతుంది. కాబట్టి అక్షరాల్లోకి వచ్చిన నోట్‌లో ప్రతి క్రియ చివరా ఒకసారి చూసుకోండి.

తర్వాత, ముక్కలు విడదీయడం

వాక్యాలు బాగుచేయడంతో మొదలుపెట్టకండి. ముందు ఎన్ని విషయాలున్నాయో, ఒక్కొక్కటి ఎవరు చేయాల్సిన పనో రాసుకోండి. పై నోట్‌లో నాలుగున్నాయి:

1. రెండు రోజులు బస్సు మార్పు: ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్.
2. దగ్గు, ఇన్‌హేలర్: క్లాస్ టీచర్.
3. ఫీజు రసీదు: అకౌంట్స్.
4. మాథ్స్ మేడమ్‌కు థ్యాంక్స్: క్లాస్ టీచర్ ద్వారా.

నాలుగు విషయాలు, ముగ్గురు మనుషులు. అంటే ఒక ఈమెయిల్ కాదు, మూడు చిన్న ఈమెయిళ్ళు. అన్నీ ఒకదాంట్లో పెడితే, ఎవరికి వారు తమ పని చూసుకుని మిగతాది ఇంకొకరు చూస్తారనుకుంటారు.

ముక్కలు విడదీసేటప్పుడు మూడు రకాల మాటల కోసం వెతకండి. మొదటిది ‘కాదు కాదు’, ‘అదే’, ‘సారీ’. వీటి తర్వాత వచ్చేది సవరణ. సవరణను ఉంచి, పాత మాటను పూర్తిగా కొట్టేయాలి. రెండూ ఉంటే ముందు కనిపించినదే నిలుస్తుంది, బుధవారం జరిగింది అదే. రెండోది ‘కాబట్టి’, ‘అందుకని’. మనం కారణం ముందు, అడగాల్సింది చివర చెబుతాం. కాబట్టి అసలు విన్నపం ఈ మాటల తర్వాతే దొరుకుతుంది. దాన్ని తీసి మొదటి వాక్యం చేయండి. మూడోది ‘అంట’. ‘పరిగెత్తించారంట’ అంటే మీరు చూసింది కాదు, బాబు చెప్పింది. నోట్‌ను శుభ్రం చేసే తొందరలో ‘అంట’ తీసేస్తే, విన్న మాట ఒక టీచర్ మీద ఫిర్యాదు అయిపోతుంది. ‘బాబు చెప్పిన ప్రకారం’ అని రాస్తే మాట నిలుస్తుంది, ఎవరికీ అన్యాయం జరగదు.

చివరగా ఖాళీలు చూడండి. మాట్లాడేటప్పుడు ‘తీసుకెళ్తుంది’, ‘అక్కడికి’ అంటే చాలు. రాతలో ఎవరు, ఎక్కడ అని కావాలి. పై నోట్‌లో పిన్నిగారి పేరు, ఫోన్ నంబరు లేవు. ఉదయం బాబు ఎక్కడ ఎక్కుతాడో లేదు. మళ్ళీ మామూలు స్టాపు ఎప్పటి నుంచో లేదు. ‘రేపు’, ‘ఎల్లుండి’ వంటి మాటలుంటే తేదీ, వారం రెండూ వేయండి. రాత్రి మీరు రాసిన ‘రేపు’, మర్నాడు చదివేవారికి ఇంకో రోజవుతుంది.

ఇప్పుడు ఈమెయిల్

ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్‌కు వెళ్ళాల్సినది ఇలా తయారైంది:

సబ్జెక్ట్: 6-బి, అడ్మిషన్ నం. ____: జూలై 16, 17 సాయంత్రం బస్సు ఎంవీపీ కాలనీకి మార్పు

నమస్కారం సార్,

జూలై 16 గురువారం, 17 శుక్రవారం సాయంత్రం మా అబ్బాయి ____ (6-బి)ని ఎంవీపీ కాలనీ బస్సులో పంపి, రైతు బజార్ స్టాపులో దించగలరు. ఆ రెండు రోజులూ డైమండ్ పార్క్ స్టాపులో దించవద్దు. మా అత్తగారి కంటి ఆపరేషన్ వల్ల ఇంట్లో ఎవరూ ఉండరు.

తీసుకెళ్ళేవారు: బాబు పిన్ని ____, ఫోన్ ____. గుర్తింపు కార్డు చూపిస్తారు. ఆవిడ రాకపోతే బాబును దించకుండా నాకు ఫోన్ చేయండి: ____.

రెండు రోజులూ ఉదయం మామూలుగా డైమండ్ పార్క్ దగ్గరే ఎక్కుతాడు. జూలై 20 సోమవారం నుంచి సాయంత్రం కూడా మామూలు స్టాపే.

మార్పు నమోదైందని బుధవారం సాయంత్రంలోగా తెలియజేయగలరు.

____ (తల్లి)

మూడు నిమిషాల మాట అరనిమిషంలో చదివే ఉత్తరమైంది. మొదటి వాక్యం మాత్రమే చదివినవారు కూడా సరైన పనే చేస్తారు. కారణం ఒక్క వాక్యంలో ఉంది, అంతకన్నా అవసరం లేదు. జవాబు ఎప్పటిలోగా కావాలో అడగడం వల్ల, మెయిల్ చేరిందో లేదో మీకు తెలుస్తుంది.

క్లాస్ టీచర్‌కు రాసింది ఇంకా చిన్నది. “బాబు రాత్రంతా దగ్గాడు. గ్రౌండ్‌లో దుమ్ము ఎక్కువగా ఉందని, మామూలు కన్నా రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తానని చెప్పాడు. ఈ వారం పరుగు లేకుండా చూడగలరు. ఇన్‌హేలర్ బ్యాగు ముందు జిప్పులో ఉంది, డాక్టర్ చీటీ ఫోటో జత చేశాను.” మందు మోతాదును మాత్రం ఎప్పుడూ నోట్ నుంచి దించి రాయకండి. అంకె ఒకటి మారినా ప్రమాదం. చీటీ ఫోటోనే పంపండి. మాథ్స్ మేడమ్‌కు థ్యాంక్స్ ఈ మెయిల్ చివర ఒక వాక్యంగా చేరింది. రసీదు సంగతి అకౌంట్స్‌కు విడిగా, కట్టిన తేదీ, లావాదేవీ నంబరుతో వెళ్ళింది.

పంపే ముందు ఒక్కసారి పైకి చదవండి. తేదీ, వారం ఒకదానికొకటి సరిపోయాయా, ‘వద్దు’ అన్నచోట ‘వద్దు’ ఉందా, ఫోన్ నంబరులో పది అంకెలున్నాయా, ఈ మూడూ చూస్తే చాలు.

ఈమెయిల్ పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజు సాయంత్రానికే బస్సు మార్పు కావాలంటే మెయిల్ మీద ఆధారపడకండి. ఫ్రంట్ ఆఫీసుకు ఫోన్ చేయండి, తర్వాత మెయిల్ పెట్టండి. ఒక టీచర్ తీరు మీద మనసు బాధపడి ఉంటే, వాయిస్ నోట్ చెప్పుకోండి కానీ అదే రాత్రి మెయిల్‌గా మార్చి పంపకండి. ఆ మాట కలిసి మాట్లాడుకోవాల్సింది.

మా వైపు నుంచి ఒక మార్పు చేశాం. బస్సు స్టాపు మార్పులను ఇకపై వాయిస్ నోట్ ఆధారంగా నమోదు చేయం. రాతపూర్వకంగా వచ్చాక, మీకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే చేస్తాం. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా సరే. ఆ గురు, శుక్రవారాలు రైతు బజార్ స్టాపులో పిన్నిగారు బస్సు కన్నా ముందే వచ్చి నిలబడ్డారు.