బొమ్మకు జతచేసే మాటలు: ఆల్ట్ టెక్స్ట్ వ్రాయవలసిన తీరు

కాలనీ సంఘాలు, తెలుగు సమితులు, చిన్న వ్యాపారులు నేడు తమ వెబ్‌సైట్లను తామే నడుపుకుంటున్నారు. వాటిలో వెలువడే ప్రకటనలు తరచుగా అక్షరాల రూపంలో కాక బొమ్మల రూపంలో ఉంటున్నాయి. కన్నడంలోనో ఆంగ్లంలోనో వచ్చిన ప్రకటనను ఎవరో ఒకరు తెలుగు చేసి, చుట్టూ రంగుల అంచు వేసి, బొమ్మగా మార్చి పేజీలో ఉంచుతారు. కంటితో చదివేవారికి దీనివల్ల ఇబ్బంది ఉండదు. చూపు లేనివారికి, చూపు మందగించిన పెద్దలకు మాత్రం ఆ బొమ్మలోని సంగతి అందకుండా పోయే ప్రమాదమున్నది.

ఇట్టివారిలో అనేకులు పేజీని స్క్రీన్ రీడర్ ద్వారా వింటారు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్, విండోస్ కంప్యూటరులో ఎన్.వి.డి.ఎ. ఈ పని చేస్తాయి. బొమ్మ ఎదురైనప్పుడు స్క్రీన్ రీడర్, పేజీని తయారుచేసినవారు ఆ బొమ్మకు జతచేసిన మాటలను చదివి వినిపిస్తుంది. ఆ మాటలనే ఆల్ట్ టెక్స్ట్ అంటారు; ప్రత్యామ్నాయ పాఠ్యమని తెలుగులో చెప్పుకోవచ్చు. కొన్ని ఫోనులు బొమ్మలోని అక్షరాలను తామే గుర్తించడానికి ప్రయత్నిస్తాయి గాని, తేదీలు, వేళలు తెలిపే ప్రకటన విషయంలో దానిని నమ్ముకొని కూర్చోరాదు.

ఆల్ట్ టెక్స్ట్ సాధారణంగా తెరపై కనబడదు. అయితే గూగుల్ వంటి అన్వేషణ సాధనాలు కూడా దానిని చదువుతాయి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కనబడని చోటు గనుక, వెతికేవారు టైపు చేయగల పదాలన్నిటినీ అందులో కూరవచ్చుననే ఆశ పుడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బెంగళూరు మారతహళ్ళిలో పైపుల మరమ్మతు కారణంగా బుధవారం ఉదయం 6 గంటల నుండి సాయంత్రం 6 గంటల వరకు నీటి సరఫరా ఉండదని ప్రకటన వచ్చినదనుకుందాం. ఒక తెలుగు సంఘం దానిని బొమ్మగా చేసి, ఈ విధంగా పేజీలో పెట్టినది:

```
<img src="IMG_2041.jpg" alt="బెంగళూరు నీరు,
బెంగళూరు నీటి సరఫరా, నీటి సరఫరా బంద్,
మారతహళ్ళి నీరు, బెంగళూరు తెలుగు సంఘం">
```

దీనిని ఒకసారి పైకి చదివి చూడండి. నీరు అన్న మాట నాలుగుసార్లు, బెంగళూరు మూడుసార్లు వినబడతాయి. నీరు ఏ రోజు రాదో, ఎన్ని గంటలకు మళ్ళీ వస్తుందో ఒక్కసారైనా వినబడదు. సంపు ముందురోజే నింపుకోవలెనా, ట్యాంకరుకు చెప్పుకోవలెనా అన్నది వినేవారికి తేలదు. అన్వేషణ విషయంలోనూ దీనివల్ల లాభం లేదు. ఆల్ట్ టెక్స్టులో పదాలను ఇలా దట్టించవద్దని, అట్టి పేజీ స్పామ్‌గా కనబడవచ్చునని గూగుల్ తన మార్గదర్శకాలలో స్పష్టంగానే చెప్పినది.

అయితే ప్రకటన మొత్తాన్ని ఆల్ట్ టెక్స్టులోకి ఎక్కించవలెనా? రెండు మూడు పంక్తుల ప్రకటన అయితే అలాగే చేయవచ్చు. అంతకు మించితే అది తగిన చోటు కాదు. అందులో శీర్షికలు, పేరాలు, జాబితాలు ఉండవు. అంతా ఒక్క ముద్దగా వినబడుతుంది. వేళలు మాత్రమే మళ్ళీ వినదలచినవారు సాధారణంగా మొదటినుండి వినవలసి వస్తుంది. అందుచేత ప్రకటన పాఠాన్ని బొమ్మ కిందనే మామూలు అక్షరాలలో ఇచ్చి, బొమ్మకు క్లుప్తంగా మాట జతచేయడం మేలు:

```
<img src="marathahalli-water-cut.jpg"
alt="మారతహళ్ళిలో బుధవారం ఉదయం 6 నుండి
సాయంత్రం 6 వరకు నీటి సరఫరా ఉండదు.
వివరాలు బొమ్మ కింద ఉన్నాయి.">
```

ఇందులో ఊరిపేరు, నీటి సరఫరా అన్న మాటలు ఒక్కొక్కసారి మాత్రమే వచ్చాయి. వెతికేవారికి కావలసిన పదాలు అవే. నిజం చెప్పినప్పుడు ఆ పదాలు వాటంతట అవే వాక్యంలో కుదురుకుంటాయి. బొమ్మ కింద ఉన్న పాఠం కూడా అన్వేషణ సాధనాలకు అందుతుంది గనుక, మిగిలిన వివరాలకై ఆల్ట్ టెక్స్టును సాగదీయనక్కరలేదు. ఇన్ని అక్షరాలే ఉండవలెనన్న హద్దు హెచ్.టి.ఎం.ఎల్. ప్రమాణంలో లేదు, ఒకటి రెండు వాక్యాలలో ముగిస్తే వినడానికి సుఖం.

మనవారిలో చాలామంది తెలుగు మాటలనే ఆంగ్ల లిపిలో టైపు చేసి వెతుకుతారన్నది నిజమే. ఆ కారణంగా ఆల్ట్ టెక్స్టులో తెలుగు వాక్యం పక్కనే అదే సంగతిని ఆంగ్ల లిపిలోనూ వ్రాసేవారున్నారు. ఆంగ్ల స్వరం ఆ తెలుగు మాటలను పలికే తీరు వింటే, ఆ పని మళ్ళీ చేయబుద్ధి కాదు. ఆంగ్ల లిపిలోని మాటలకు ఫైలు పేరు అనువైన చోటు. గూగుల్ ఫైలు పేరును కూడా కొంతవరకు సూచనగా స్వీకరిస్తుంది. IMG_2041 అన్న పేరు ఎవరికీ ఏమీ చెప్పదు.

బహుభాషా పేజీలలో మరొక జాగ్రత్త అవసరం. పేజీ ఆంగ్లంలోనో కన్నడంలోనో ఉన్నట్లు గుర్తించి, నడుమ ఒక బొమ్మకు తెలుగులో ఆల్ట్ టెక్స్ట్ ఇస్తే, స్క్రీన్ రీడర్ దానిని తెలుగు స్వరంతో చదువుతుందన్న నమ్మకం లేదు. తప్పుగా పలకవచ్చు, దాటవేయనూ వచ్చు. బొమ్మకు భాషను తెలిపే గుర్తు చేరిస్తే, తెలుగు స్వరం ఉన్న పరికరంలో అది సరిగా పలికే అవకాశముంటుంది:

```
<img lang="te" src="..." alt="...">
```

ఫొటోల విషయం కొంత వేరు. ఒకే ఫొటోకు అన్ని చోట్లా ఒకే మాట సరిపోదు. ఉగాది పచ్చడి గిన్నె ఫొటో వేడుక వివరాలు తెలిపే పేజీలో ఉంటే ‘ఉగాది వేడుకలో పంచేందుకు సిద్ధం చేసిన పచ్చడి’ అనడం చాలు. అదే ఫొటో తయారీ విధానం చెప్పే పేజీలో ఉంటే ‘వేపపువ్వు, మామిడి ముక్కలు పైకి తేలిన పల్చని ఉగాది పచ్చడి’ అనవలెను. అక్కడ పచ్చడి ఎంత పల్చగా ఉండవలెనో వినేవారికి కావాలి. వర్డ్‌ప్రెస్ వాడేవారు Alternative Text అన్న గడిలో ఒకసారి వ్రాసిన మాటలే ఆ చిత్రాన్ని తరువాత వేరే పేజీలో చేర్చినప్పుడూ వస్తాయి. అప్పుడు వాటిని సవరించుకోవలెను. ‘ఈ ఫొటోలో’ అని ఆరంభించనక్కరలేదు. అది బొమ్మ అన్న సంగతిని స్క్రీన్ రీడరే చెబుతుంది. బొమ్మ కింద వ్యాఖ్య ఉంటే, దానినే ఆల్ట్ టెక్స్టులో తిరగవ్రాయరాదు. ఒకే మాట రెండుసార్లు వినవలసి వస్తుంది.

కేవలం అలంకారానికి వేసిన ముగ్గు అంచు, తోరణం వంటివాటికి వర్ణన అనవసరం. వాటికి alt="" అని ఖాళీగా ఉంచితే స్క్రీన్ రీడర్ వాటిని దాటి ముందుకు పోతుంది. ఖాళీగా ఉంచడం వేరు, alt అన్నదే వ్రాయకపోవడం వేరు. వ్రాయకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరులోని అక్షరాలను, అంకెలను వరుసగా చదివి వినిపిస్తాయి.

పేజీ సిద్ధమైన తరువాత ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఫోను సెట్టింగులలో యాక్సెసిబిలిటీ విభాగానికి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెరపై ఒక్కొక్క వేలిజరుపుతో కుడివైపుకు సాగుతూ కళ్ళు మూసుకొని వినండి. నీరు ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు వస్తుందో ఆ వినికిడిలోనే తెలిస్తే ప్రకటన చేరినట్లే. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉండగా దేనినైనా ఎంచుకోవడానికి రెండుసార్లు తట్టవలెను. ఆపడం ఎలాగో ముందుగా తెలుసుకొని మొదలుపెట్టండి.