సంతకం పడ్డాకే బిల్లు

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకూ రాయించుకునేవాళ్లకూ వచ్చే డబ్బు తగాదా చాలాసార్లు డబ్బు గురించి కాదు, పని అయిందా లేదా అన్నదాని గురించి. ఇల్లు కట్టించుకునేవాడికి శ్లాబు పడిందో లేదో కంటికి కనిపిస్తుంది, మేస్త్రీ అడిగితే ఇస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి శ్లాబు లేదు. "ఎనభై శాతం అయిపోయిందండీ" అని ప్రోగ్రామర్ అంటే నమ్మడమో మానడమో తప్ప యజమాని చేయగలిగింది లేదు. అందుకే పనిని మైలురాళ్లుగా విడగొట్టి, ఒక్కోదాని దగ్గర "చూశాను, సరిగా ఉంది" అని రాతలో సంతకం తీసుకుని, ఆ కాగితం జతచేసి బిల్లు పంపుతారు.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందనుకుందాం. లోపలికి వచ్చే టిక్కీలు రాసుకోవడం, రైతుకు బాండు ఇవ్వడం, అద్దె లెక్కకట్టి సరుకు విడుదల చేయడం ఇప్పటిదాకా పుస్తకాల్లోనే. నలుగురున్న ఒక చిన్న కంపెనీ దీన్ని అయిదు నెలల్లో 8 లక్షలకు చేసిపెడతానంది. అడ్వాన్సు 1,60,000. తెరల నమూనాలు ఒప్పుకున్నాక 1,20,000. టిక్కీల నమోదు, బాండు ముద్రణ పనిచేశాక 2 లక్షలు. అద్దె లెక్క, విడుదల పనిచేశాక 2 లక్షలు. పాత లెక్కలు ఎక్కించి 30 రోజులు నడిచాక మిగతా 1,20,000. జీఎస్టీ అదనం.

వీటిలో అద్దె లెక్క దగ్గర కాస్త ఆగుదాం. "అద్దె మాడ్యూలు పూర్తి" అని ఒప్పందంలో రాస్తే గొడవకు విత్తనం వేసినట్టే. రాయాల్సింది ఇలా: నిరుడు విడుదలైన బాండ్లలో యాభై తీసి సాఫ్ట్‌వేర్‌తో లెక్కకట్టాలి, అన్నీ రూపాయితో సహా పుస్తకంతో సరిపోవాలి. ఇది కోడ్ తెలియని గుమాస్తా కూడా కూర్చుని తేల్చగలడు. ఆయన తేల్చితే మూడు బాండ్లు తేడా వచ్చాయి. రెండింటిలో గడువు దాటిన రోజులను సాఫ్ట్‌వేర్ తప్పుగా లెక్కేసింది. అది కంపెనీ తప్పు, ఉచితంగా దిద్దాలి. మూడోదాంట్లో తెలిసిన రైతుకు యజమాని నోటిమాట మీద తగ్గించారు, ఆ సంగతి ఒప్పందంలో ఎక్కడా లేదు. కావాలంటే అది కొత్త పని, దానికి వేరే ధర. ఇవన్నీ అంగీకార పత్రం మీదకు ఎక్కుతాయి: ఏ వెర్షన్ చూశారు, ఏ తేదీన, ఏ పరీక్ష, మిగిలిన చిన్న లోపాలేమిటి, ఎప్పటికి దిద్దుతారు. అక్షరం చిన్నగా ఉందన్న లోపానికి సంతకం ఆపకూడదు. అద్దె తప్పితే మాత్రం ఆపాల్సిందే. ఏది ఏ కోవకు చెందుతుందో ముందే రాసుకోవాలి.

సంతకం ఎవరిదన్నదీ ముఖ్యమే. పరీక్షించింది గుమాస్తా అయినా, డబ్బు ఇచ్చే అధికారం ఉన్నవారి పేరే ఒప్పందంలో ఉండాలి. లేకపోతే బిల్లు వెళ్లిన రోజున "ఆయనకేం తెలుసండీ" అన్న మాట వినాల్సి వస్తుంది.

మరి యజమాని అవునని గానీ కాదని గానీ అనకుండా కూర్చుంటే? పది రోజుల్లో రాతలో అభ్యంతరం చెప్పకపోతేనో, దాంతో నిజమైన రైతుకు బిల్లు కొట్టడం మొదలుపెడితేనో ఒప్పుకున్నట్టే అని ఒక షరతు పెడతారు. ఇది కంపెనీల జబర్దస్తీ కాదు. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం కూడా, 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే సేవ అందిన రోజునే అంగీకారంగా లెక్కిస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఏదైనా ఆ రోజు నుంచి 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకుని ఉండాలి.

తొందరపడి ముందే బిల్లు కొట్టడమూ నష్టమే. 2 లక్షల బిల్లు మీద 18 శాతం అంటే 36,000 జీఎస్టీ. నెలనెలా రిటర్ను వేసే కంపెనీ, యజమాని డబ్బు ఇవ్వకపోయినా మరుసటి నెల 20లోగా దాన్ని కట్టాలి. మూడు నెలలకు మించిన ఒప్పందంలో చెల్లింపు ఒక ఘట్టం పూర్తికావడంతో ముడిపడి ఉంటే, ఆ ఘట్టం పూర్తయ్యే తేదీలోగా ఇన్‌వాయిస్ ఇవ్వాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. కాబట్టి ఘట్టమంటే సాఫ్ట్‌వేర్ అప్పగించిన రోజు కాదు, అంగీకారం కుదిరిన రోజు అని ఒప్పందంలో రాసి, సంతకమైన రోజే బిల్లు పంపడం మంచిది.

ఎక్కువగా ఇరుక్కుపోయేది ఆఖరి మైలురాయి. పాత పుస్తకాల లెక్కలు ఇవ్వాల్సింది కోల్డ్ స్టోరేజీవాళ్లే. సీజన్‌లో లారీలు బారులు తీరితే ఆ పని ఎవరికీ గుర్తుండదు, కంపెనీ 1,20,000 అక్కడే ఆగిపోతుంది. అందుకే లెక్కలు ఏ తేదీకి ఇవ్వాలో రాసి, ఆ తేదీ నుంచి 30 రోజులు దాటినా అందకపోతే ఆ మైలురాయిలో లెక్కలతో పనిలేని భాగానికి, అంటే సిబ్బందికి నేర్పడానికీ సాఫ్ట్‌వేర్ బిగించడానికీ, వేరుగా సంతకం తీసుకుని 70,000కు బిల్లు వేయొచ్చని, మిగతా 50,000 లెక్కలు ఎక్కాకేనని ముందే విడగొట్టుకుంటారు.